గుమస్తా చేశానన్న పనులు

1

మూడో తూము జట్టు పెద్ద గౌరీసు రాస్తున్న చిట్టా ఇది. జట్టు పెద్దలు రోజూ రాయాలని కట్ట కచేరీ నియమం. నాకు మాటలు తక్కువ. జరిగిందే రాస్తాను.

పొద్దున తలుపులకు అంటిన గుల్లలు గీకించాను. గొలుసులకు నూనె పట్టించాను. సముద్రం బాగా ఎత్తులో ఉంది. కట్ట మీద నిలబడితే ఒక పక్క నీళ్లు కాళ్లను తాకేలా ఉన్నాయి. రెండో పక్కకు తిరిగితే లోతుపేట ఇళ్ల కప్పులు కాళ్ల కింద కనిపిస్తాయి. కప్పుల మీద ఆడవాళ్లు ఒడియాలు పెట్టుకుంటున్నారు.

రేపు పున్నమి పోటు. తనిఖీ కూడా రేపే. తలుపులన్నీ మూసి, పోటు నీటిని వాటి మీద ఆపి చూస్తారు. నెగ్గితే లోతుపేట ఇంకో ఏడాది అక్కడే ఉంటుంది. ఏ తలుపు నెగ్గకపోతే ఆ తలుపు వెనకున్న వీధి మెట్ట గుడారాలకు పోవాలి.

మా ఏడో తలుపు బాగాలేదు. అడుగున ఉండే రబ్బరు పట్టీ ఎండి పగిలింది. కొత్త పట్టీ నిన్నటి పడవలో వచ్చింది. బిగించాలంటే రెండు ఆటుల సమయం కావాలి. అందుకని ఆ తలుపుకు ముందు నీటిని ఆపే ఇనప అడ్డుపలకలు దింపి, జట్టు పనులు చూపించే పలక మీద ‘వాడొద్దు’ గుర్తు పెట్టాను. తనిఖీకి వచ్చే ఆమెకు ఉన్నమాట చెప్పి గడువు అడగాలని మేనేజరు సన్యాసిరావు గారు, నేను అనుకున్నాం.

2

సాయంత్రం రేపటి పనులు పంచడానికి పలక ముందు నిలబడ్డాను. ‘మిగిలినవి’ అన్న వరుస ఖాళీగా ఉంది.

పలక చెడిందనుకున్నాను. తుడిచి చూశాను. పనులన్నీ ‘చేశారు’ వరుసలో ఉన్నాయి. ఏడో తలుపు పట్టీ కూడా.

నూకాలు వెనక నుంచి వచ్చింది. మా జట్టులో బిగింపు పని ఆమెది. లోతుపేటలో ఏడో తలుపు వెనక వీధే ఆమెది.

“ఏటి మావా, పలక కాసి అలా సూత్తన్నావు? దానికేటైనా సంబంధం సూత్తన్నావా?”

“పట్టీ బిగించేశావా?”

“నాకేటి రెక్కలున్నాయా? పొద్దుట్నించీ గుల్లలు గీకించి నడుం ఇరగ్గొట్టీసినావు గదా.”

“మరి ఇక్కడ చేశారని ఉంది.”

ఆమె వంగి చూసింది. నవ్వు పోయింది.

మా జట్టులో ఒక పద్ధతి ఉంది. ఒకరు చేసిన పనిని ఇంకొకరు చేత్తో తాకి చూసి, అప్పుడు పేరు పెట్టాలి. దాన్ని రెండో చేయి అంటాం. రెండో చేయి పేరు లేనిదే పని అయినట్టు కాదు. ఇక్కడ ప్రతి పని దగ్గరా ఆ గడి ఖాళీగా ఉంది. అయిపోయిందని పని మూసింది ఎవరని పని చరిత్ర తెరిచి చూస్తే అన్నిటికీ ఒకే పేరు. గుమస్తా.

గుమస్తా అంటే మనిషి కాదు. పలకలో ఉండే యంత్రం. ఫలానాది జరిగితే ఫలానాది చెయ్యి అని నియమాలు రాసిపెడితే, తనంతట తాను చేసుకుపోతుంది. సెలవు చీటీలు పంపుతుంది, గోదాముకు కబురు పెడుతుంది. తలుపు బాగుచేయడం దానికి రాదు. చేతులు లేవు.

3

ఏడో తలుపు పనిని నేనే మళ్లీ తెరిచాను. ‘మిగిలినవి’లో పెట్టాను. టీ తాగి వచ్చి చూస్తే అది మళ్లీ ‘చేశారు’లో ఉంది.

మళ్లీ తెరిచాను. ఈసారి పక్కకు పోలేదు. చూస్తూ నిలబడ్డాను. నా కళ్ల ముందే జరిగి వెళ్లిపోయింది.

ఎవరో కావాలని చేస్తున్నారు. నేను తీస్తుంటే మూస్తున్నారు. అలా అనుకోగానే నా మనసు హైమావతి మీదికి పోయింది. గుమస్తాకు నియమాలు రాసేది ఆ అమ్మాయే. మొన్న మా కొట్టం దగ్గరకు వచ్చి, మీరు పనులు ఎలా రాస్తారు తాతగారూ అని అడిగింది. ఒక్క ముక్కలో రాస్తాను అన్నాను. నవ్వింది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చి ఒళ్లు మండింది.

ఇంకొకటి చూశాను. ఏడో తలుపు దగ్గర ‘వాడొద్దు’ గుర్తు లేదు. పని అయిపోయింది కాబట్టి గుర్తు దానంతటదే లేచిపోయింది. గుర్తు లేని తలుపు మంచి తలుపు. తెల్లారితే క్రేను వచ్చి అడ్డుపలకలు ఎత్తేస్తుంది.

కింద రేపటి నిలబడేవాళ్ల వరుస వచ్చేసింది. తనిఖీ పోటులో, మూసిన ప్రతి తలుపు వెనక, సొరంగంలో, దాన్ని బాగుచేసిన మనిషి నిలబడాలి. కట్ట కట్టిన నాటి నుంచీ ఉన్న ఆనవాయితీ. చేసినవారే తమ పనికి జామీను.

ఏడో తలుపు వెనక: నూకాలు.

4

కొత్త పట్టీ ఉందో లేదో చూద్దామని గోదాముకు పోయాను. ఉంది. రెండో తూము వాళ్ల బండి మీద ఉంది. ఒకడు తాడు కట్టేస్తున్నాడు.

“అది మాది,” అన్నాను.

“మీ పని అయిపోయిందంట కదా పెద్దాయనా. మిగులు సరుకని గోదాము మాకు రాసిచ్చింది.”

“దాని చుట్టూ కాయితమైనా విప్పలేదు. బిగించిన పట్టీ అయితే ఇక్కడెలా ఉంది?”

వాడు పట్టీని చూశాడు, నన్ను చూశాడు. “నిజమేనండి. మరి గుమస్తా అలా అన్నాడేటి?”

“దించు.”

దించాడు. నేను గొంతు పెంచడం వాడెప్పుడూ విని ఉండడు. నేనూ విన్లేదు.

పని మూసుకుపోతే దాని కోసం దాచిన సరుకు విడుదలవుతుంది. ఇదీ గుమస్తా నియమమే. ఒక్క అబద్ధం వెనక ఎన్ని నిజమైన పనులు కదిలాయో అప్పుడు తెలిసింది. ఇంత అల్లిక ఊరికే పడదు, ఎవరో ఆలోచించి వేశారు అనిపించింది.

5

హైమావతి ఇంటికి పోయాను. అన్నం తింటోంది. చేయి కడుక్కుని వచ్చింది.

“నా పనులు ఎందుకు మూశావమ్మా?” అన్నాను. ఇంకేమీ మర్యాద మాటలు రాలేదు.

“నేనా? దేన్ని?”

చెప్పాను. ఆమె మొహం చూస్తూనే చెప్పాను. దొంగ అయితే కళ్లు పక్కకు పోతాయని నా లెక్క. ఆమె కళ్లు పక్కకే పోయాయి. కానీ గోడ మీది తెర వైపు. చదువుతూ చదువుతూ నుదురు కొట్టుకుంది.

“నా తప్పే తాతగారూ. కానీ మీరనుకునే తప్పు కాదు.”

ఆమె చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. పంపుల జట్టువాళ్లు పెద్ద పనిని ముక్కలు చేసి రాస్తారు. మోటారు విప్పుట, బేరింగు మార్చుట, మళ్లీ బిగించుట అని కింద పిల్లపనులు. పిల్లలన్నీ అయ్యాక పైనున్న తల్లిపనిని మూయడం మరిచిపోతారు. తనిఖీకి ముందు ఆ మిగులు కనబడకూడదని సన్యాసిరావు గారు ఆమెను అడిగారు. ఆమె నిన్న ఒక నియమం రాసింది. పని మీద ఏ మార్పు జరిగినా గుమస్తా వచ్చి చూడాలి. దాని కింద మూయని పిల్లపని ఒక్కటీ లేకపోతే తల్లిపనిని మూసెయ్యాలి. పాత పనులన్నిటి మీదా ఇవాళ ఒక్కసారిగా నడిపింది.

“పంపుల పనుల మీద నడిపి చూశాను. సరిగ్గా మూసింది. మీ పనుల మీద చూడలేదు.”

“మాకు పిల్లపనులు లేవుగా.”

“అదే.” ఆమె వంటింట్లోంచి ఖాళీ చేపల బుట్ట తెచ్చి నా ముందు పెట్టింది. “ఇందులో కుళ్లిన చేప ఉందా?”

“లేదు.”

“ఒక్కటీ లేదు కదా. అయితే బుట్టలో చేపలన్నీ మంచివేనా?”

“చేపలేవీ? బుట్ట ఖాళీ.”

“మీరు ఆ మాట అన్నారు. గుమస్తా అనలేదు. కుళ్లింది ఒక్కటీ లేదు, అయితే అన్నీ మంచివే అనేసింది. మీరు పని తెరిచినప్పుడల్లా అదీ ఒక మార్పే. వచ్చింది, బుట్ట చూసింది, మూసింది.”

అయితే నాతో ఆటలాడింది మనిషి కాదు. నాకు సిగ్గేసింది. నమ్మకం మాత్రం పూర్తిగా రాలేదు. అలా చెప్పమని ఆమెకు ఎవరైనా చెప్పి ఉండొచ్చు కదా.

అందుకే పక్కనే కూర్చుని ప్రతిదీ చూపించమన్నాను. ఆమె విసుక్కోలేదు.

ముందు నియమాన్ని ఆపింది. ఆపకుండా ఎన్ని తెరిచినా మళ్లీ మూసేస్తుంది. తర్వాత జరిగినదంతా ఉన్నది ఉన్నట్టు ఒక నకలు తీసి పక్కన పెట్టింది. ఏదీ చెరపలేదు. మా జట్టు పనుల్లో, గుమస్తా చేతితో ఆ నియమం వల్ల మూసుకున్న పనులను మాత్రమే ఏరింది. మనుషులు మూసినవాటిని ముట్టలేదు.

“ఇవన్నీ ఒకేసారి ‘మిగిలినవి’లోకి నెట్టెయ్యొచ్చా?” అన్నాను.

“వద్దు తాతగారూ. కొన్ని నడుస్తున్నవి, కొన్ని సరుకు కోసం ఆగినవి. ఏది ఎక్కడ ఉండేదో అక్కడికే పంపాలి. లేకపోతే ఒక అబద్ధం తీసి ఇంకోటి పెట్టినట్టు.”

ఏరుతుంటే వాటిలో రెండు పనులు నిజంగానే అయినవని తేలింది. రెండో చేయి వేయడమే మిగిలింది. వాటినీ తెరిచాం. పేరు పెట్టాక మూసుకుంటాయి.

తయారైంది. నొక్కడమే తరువాయి. కానీ తనిఖీ ముందు పలక మార్చాలంటే మేనేజరు ఒప్పుకోవాలి.

6

సన్యాసిరావు గారు కచేరీ మెట్ల మీదే దొరికారు. విన్నారు.

“గౌరీసూ, రేపు సాయంత్రం వరకు ఇలాగే ఉండనీ. తనిఖీ అయిపోగానే తెరుద్దాం.”

“క్రేను పొద్దున్నే అడ్డుపలకలు ఎత్తేస్తుందండి.”

“ఎత్తనీ. ఆ తలుపు పోయిన పున్నమికి తట్టుకుంది కదా.”

“అప్పుడు పట్టీ పగల్లేదండి.”

“పగిలిన పట్టీ ఒక్క పోటు ఆగదా? ఆ వీధి సామాన్లు మోసుకుంటూ మెట్టకి ఎక్కుతుంటే చూస్తావా? పలకే అయిపోయిందంటోంది. మనం అబద్ధం చెప్పలేదు కదా.”

నియమం పెట్టించింది ఈయన. ఇప్పుడు ఉంచమంటున్నదీ ఈయన. పొద్దున కలిసి అనుకున్న మాట ఏమైంది? ఆయన ముఖంలో వెతికాను. భయం కనిపించింది. ఇంకేదైనా ఉంటే నాకు కనిపించలేదు.

“వెనక నూకాలు నిలబడాలండి,” అన్నాను.

ఆయన మెట్ల వైపు చూశారు. “ఆమెనే అడుగు.”

7

అడిగాను. ఇంటి ముందు బిందెలు తోముతోంది.

“నిలబడతాను,” అంది, తల ఎత్తకుండా.

“పట్టీ మార్చలేదు.”

“నాకు తెల్దా? మార్సాల్సింది నేనే.”

“మరి?”

“మావా, గుడారాల్లో ఓ తడవ ఉన్నాం మేం. నీళ్ల కోసం వరస, దొడ్డికి వరస. మా అత్త అక్కడే పోయింది. మళ్లీ ఎక్కమంటే ఎక్కలేను. ఒక్క పోటు. సెవి ఆనించి ఇంటాను. బుస్సుమంటే పరిగెత్తుకు రానా?”

“సొరంగంలో పరిగెత్తడానికి ఉండదు.”

“నీకు అనుమానం ఎక్కువ. ఉప్పు కల్లు కూడా తిప్పి సూసి నాలిక మీదెట్టుకుంటావు.”

“అవును.”

“నువ్వు పలక తెరిత్తే నా ఈది పోద్ది. నా ఈది పోతే నీతో మాటాడను. సెప్తన్నాను.”

ఆమె బిందె తోముతూనే ఉంది. తోమిన బిందెనే మళ్లీ తోముతోంది.

తిరిగి కచేరీకి పోయాను. సన్యాసిరావు గారితో అన్నాను, “ఆమె ఒప్పుకుందండి. నేనే ఒప్పుకోను. మీరు కాదంటే పొద్దున అడ్డుపలకల మీద నేను కూర్చుంటాను. క్రేను నాతో సహా ఎత్తాలి.”

ఆయన కోప్పడతారనుకున్నాను. కుర్చీలో వెనక్కి వాలి, “నీ మొండితనం కట్టలో వేసిన రాయిలా ఉందయ్యా” అన్నారు. తర్వాత హైమావతికి కబురు పెట్టారు.

ఆమె నొక్కింది. పనులన్నీ తమ తమ చోట్లకు వెళ్లాయి. ప్రతిదాని కిందా ఒక వాక్యం రాసింది, ఇది నియమం తప్పు వల్ల మూసుకుంది, మనిషి చేయలేదు అని. ‘వాడొద్దు’ గుర్తు మాత్రం రాలేదు. లేవడమే దానంతటది లేస్తుందట, తిరిగి పెట్టాలంటే చేత్తోనే పెట్టాలట. పెట్టాను. గోదాములో పట్టీని మళ్లీ మా పేర దాయించాను. క్రేను పనుల్లో ఏడో తలుపు ఇంకా ఉందేమోనని చూస్తే ఉంది. అదీ తీయించాం.

ఇంటికి పోయి పడుకున్నాను. నిద్ర పట్టలేదు. లేచి పోయి పలక చూసి వచ్చాను. ‘వాడొద్దు’ అలాగే ఉంది.

8

తనిఖీకి వచ్చినామె పేరు జుబేదా. పొట్టి మనిషి. మోకాళ్ల దాకా బూట్లు. చేతిలో ఏమీ లేదు.

సన్యాసిరావు గారు టీ తెప్పిస్తుండగానే నేను లేచి నిలబడ్డాను. అనుకున్న మాటలన్నీ పోయాయి. “అమ్మా, నిన్న సాయంత్రం మా పలక అబద్ధం చెప్పింది,” అన్నాను.

సన్యాసిరావు గారు గ్లాసు కింద పెట్టారు. ఆయనే, “కూర్చో గౌరీసూ, నేను చెప్తాను” అని నియమం తానే పెట్టించానని మొదలుపెట్టి మొత్తం చెప్పారు. దాచలేదు. ఆయన మీద నాకున్న అనుమానమంతా తప్పని అనను. కొంత తగ్గింది.

జుబేదా నకలు అడిగింది. చదివింది. హైమావతిని ఒక్క ప్రశ్న అడిగింది.

“ఈ నియమం కట్ట మొత్తానికా, ఈ జట్టుకేనా?”

“మొత్తానికండి.”

“మిగతా జట్లలో పిల్లపనులు లేని పనులు చూశారా?”

హైమావతి నన్ను చూసింది. నేను ఆమెను చూశాను. మా తలుపు గోలలో మాకెవ్వరికీ ఆ ఆలోచన రాలేదు. చూస్తే పంపుల జట్టులో ఒకటుంది. రెండో పంపు మీట ఇరుక్కుంటోంది, చూడాలి అని ఎవరో ఒక్క ముక్కలో రాసిన పని. అదీ ‘చేశారు’లో ఉంది. నియమం ఆపాం కానీ దీన్ని ఏరలేదు. మేం ఏరింది మా జట్టు వరకే.

“పోటు మధ్యలో ఈ పంపు ఆగిపోతే?” అంది జుబేదా, ఎవరినీ తిట్టకుండా.

ఆ పంపును పక్కన పెట్టి మిగతావి నడిపారు. పోటు వచ్చింది. తలుపుల మీద నీళ్లు కట్ట అంచు దాకా లేచాయి. సొరంగాల్లోంచి నిలబడినవాళ్లు ఒక్కొక్కరే ‘పొడి’ అని కేకేశారు. ఏడో సొరంగం నుంచి కేక రాలేదు. అక్కడ ఎవరూ లేరు. నూకాలు కట్ట మీద చేతులు కట్టుకుని నిలబడి ఉంది, నాకు వీపు పెట్టి.

మిగతా తలుపులు నెగ్గాయి. ఏడో తలుపును పరీక్షించలేదు కాబట్టి నెగ్గినట్టు కాదు. పట్టీ మార్చి చూపించేవరకు దాని వెనక వీధి ఖాళీ చేయాలి. అంతే రాసింది జుబేదా. పోతూ నాతో, “మీరు చెప్పకపోతే నేను పట్టుకునేదాన్నో లేదో” అంది.

9

మర్నాడు నూకాలు వీధి మెట్టకు ఎక్కింది. ఒకరి వెనక ఒకరు. పరుపులు, దాకలు, ఒక మేక.

సాయం చేద్దామని పోయి ఆమె బిందెల కావడి పట్టుకున్నాను. లాక్కుంది.

పక్కింటి ముసలమ్మ మాత్రం, “అలుగుడు పక్కనెట్టి ఇయ్యే, ఉత్తినే మోత్తానంటే కాదంటావేటి” అంది. నూకాలు ఇవ్వలేదు. ముసలమ్మ తన మూట నా నెత్తిన పెట్టింది.

దారంతా అనుమానమే. నిన్నటి పోటుకు ఆ పట్టీ ఆగేదేమో. ఆగేదే అయితే వీళ్లందర్నీ ఊరికే ఎక్కించాను. ఇది తేలే దారి లేదు. పాత పట్టీని విప్పి చూస్తే పగులు ఉంటుంది. పగులు ఉందని ముందే తెలుసు. అది ఎంత నీటిని పోనిచ్చేదో పట్టీ చెప్పదు.

మధ్యాహ్నం హైమావతి కొత్త నియమం పట్టుకొచ్చింది. పిల్లపని కనీసం ఒకటి ఉండాలి, అన్నీ మూసి ఉండాలి, తల్లిపనికి రెండో చేయి పేరు ఉండాలి. ఈ మూడూ ఉంటేనే గుమస్తా ముట్టాలి. దాన్ని మొదట నకలు పలక మీద నడిపి చూపించింది.

“మీరు రెండో చేయి వెయ్యండి తాతగారూ.”

“నాకు ఇందులో ఏం తెలుసు?”

“బుట్ట ఖాళీ అన్నది మీరే కదా.”

ఒకటి తర్వాత ఒకటి ఖాళీ పనులు పెట్టించి చూశాను. గుమస్తా ముట్టలేదు. పిల్లలున్న పని ఒకటి పెట్టించి, రెండో చేయి తీయించాను. ముట్టలేదు. ఆమె ఆవలించింది. ఇంకొకటి పెట్టమన్నాను. చీకటి పడ్డాక పేరు పెట్టాను.

10

కొత్త పట్టీ బిగింపు నూకాలు పని. మొదటి ఆటుకు పాతది విప్పింది, అది అంటుకున్న చోటంతా గీకింది. రెండో ఆటుకు కొత్తది పెట్టి బోల్టులు బిగించింది. నాతో ఒక్క మాట లేదు. స్పానరు కావాలంటే చేయి చాపేది.

తలుపు దించాం. ఇక రెండో చేయి నాది.

సన్న రేకు ముక్క తీసుకుని పట్టీకి, కింద ఇనప గడపకు మధ్య దూర్చుకుంటూ పోయాను. ఎక్కడా దూరలేదు. కుడి మూల దగ్గర దూరింది. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ దూరింది. వెంట్రుకంత.

వీధి మొత్తం మెట్ట మీది నుంచి చూస్తోంది. సన్యాసిరావు గారు కట్ట మీద ఉన్నారు. ఇప్పుడు పేరు పెడితే జనం ఇవాళే దిగుతారు. కాదంటే ఇంకో రాత్రి గుడారాల్లోనే.

నూకాలు నా చేతిలో రేకునే చూస్తోంది.

“మూల,” అన్నాను.

ఆమె దవడ బిగిసింది. తిడుతుందనుకున్నాను. వంగి, రేకు నా చేతిలోంచి లాక్కుని తానే దూర్చింది. అది లోపలికి పోయింది. కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది.

“ఎత్తండ్రా తలుపు,” అని పైకి కేకేసింది. స్పానరు కోసం చేయి చాపి, నా వైపు చూడకుండానే అంది, “నువ్వెల్లి మెట్ట మీదోళ్లకి సెప్పు మావా, ఈ పూటకి కూడా అక్కడే వండుకోమని. నేను సెప్తే కొడతారు.”